మాక్ ఇంటర్వ్యూ రికార్డింగ్‌ని విద్యార్థికి పనికొచ్చే ఫీడ్‌బ్యాక్‌గా మార్చడం ఎలా?

ప్లేస్‌మెంట్ సీజన్ ముందు మన ఇంజనీరింగ్ కాలేజీల్లో మాక్ ఇంటర్వ్యూలు పెడతారు. అవి అయ్యాక విద్యార్థి చేతికి ఒక కాగితం వస్తుంది. కమ్యూనికేషన్ 6, కాన్ఫిడెన్స్ 5, సబ్జెక్ట్ 6, కింద ‘ఇంకా మెరుగుపడాలి’ అని ఒక ముక్క. ఆ కాగితం పట్టుకుని హాస్టల్‌కి వెళ్లిన పిల్లలకి మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలో తెలియదు. నేనూ చాలాకాలం అలాంటి కాగితాలే ఇచ్చాను. ఇంటర్వ్యూని రికార్డు చేసి, తర్వాత తీరిగ్గా చూసి రాయడం మొదలుపెట్టాక ఒక సంగతి తెలిసింది. తేలిపోయిన జవాబుకి కావాల్సిన సరుకు చాలాసార్లు అదే రికార్డింగ్‌లో ఇంకోచోట ఉంటుంది. విద్యార్థి దాన్ని తన నోటితోనే చెప్పి ఉంటారు, కాకపోతే చెప్పాల్సిన చోట కాక వేరేచోట. దాన్ని వెతికి పట్టుకుని సరైన చోట పెట్టడమే ఫీడ్‌బ్యాక్‌లో అసలు పని.

ఇది ఎలా చేయాలో ఒకే ఒక్క రికార్డింగ్‌ని పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెబుతాను. సీఎస్‌ఈ నాలుగో సంవత్సరం అమ్మాయి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత పాలిటెక్నిక్, ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి టెక్నికల్, హెచ్‌ఆర్ ప్రశ్నలు కలిపి ఇద్దరు లెక్చరర్లు అడిగారు. రికార్డింగ్ 21 నిమిషాల 40 సెకన్లు. ఆ రోజు ప్యానెల్ ఇచ్చిన మార్కులు చూస్తే సగటు విద్యార్థి. రికార్డింగ్ చూశాక నా అభిప్రాయం మారిపోయింది.

రికార్డింగ్: ముఖం కన్నా మాట ముఖ్యం

ముందుగా విద్యార్థిని అడగండి. రికార్డు చేస్తున్నామని, ఎవరు చూస్తారో, ఎప్పుడు తీసేస్తామో చెప్పండి. మేము ‘నువ్వు, నేను మాత్రమే చూస్తాం, రెండోసారి ఇంటర్వ్యూ అయ్యాక తీసేస్తాం’ అని చెబుతాం, అలాగే చేస్తాం. క్లాసు వాట్సాప్ గ్రూపులో పడుతుందేమో అన్న భయం ఉంటే ఆ పిల్ల మామూలుగా మాట్లాడదు.

ఫోన్‌ని నాలుగు పుస్తకాల మీద కంటి ఎత్తులో పెడితే చాలు. పాడయ్యేది ఎప్పుడూ శబ్దమే. సీలింగ్ ఫ్యాన్ కింద కూర్చోబెట్టి రికార్డు చేస్తే సగం జవాబులు వినపడవు. ఫ్యాన్ ఆపడం కుదరకపోతే ఇంకో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి విద్యార్థి ముందు బల్ల మీద పెట్టండి. మొదట ఒక నిమిషం మాట్లాడించి విని చూసుకోండి.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో జరిగితే ఒక జాగ్రత్త ఉంది. స్క్రీన్ మీద మన ముఖం చూస్తూ మాట్లాడే మనిషి రికార్డింగ్‌లో కిందికి చూస్తున్నట్టు కనిపిస్తారు, ఎందుకంటే కెమెరా పైన ఉంటుంది. అది చూసి ‘కళ్లలోకి చూడటం లేదు’ అని రాయకండి. తను మిమ్మల్నే చూస్తోంది.

మొదటిసారి ఆపకుండా, రెండోసారి ఆపుతూ

మొదటిసారి పెన్ను పక్కన పెట్టి, ఆపకుండా మొత్తం చూడండి. పూర్తయ్యాక ఒక్క ప్రశ్నకి జవాబు రాసుకోండి: ఇప్పుడు ఈ అభ్యర్థి గురించి నాకు గుర్తున్నది ఏమిటి? ఈ అమ్మాయి విషయంలో నేను రాసుకున్నది ‘మంచి పిల్ల, ప్రాజెక్టు ఏదో చేసింది’ అని. ప్రాజెక్టు ఏమిటో నాకే గుర్తు లేదు. అసలు ఇంటర్వ్యూలో అవతలివాళ్లకి మిగిలేది కూడా ఇంతే. ఈ వాక్యాన్ని దాచుకోండి, చివర్లో పనికొస్తుంది.

రెండోసారి చూసేటప్పుడు ప్రతి ప్రశ్న దగ్గరా ఆపి రాయాలి. వీఎల్‌సీలో చూస్తుంటే `Shift` పట్టుకుని ఎడమ బాణం నొక్కితే మూడు సెకన్లు వెనక్కి పోతుంది, ఒక వాక్యం మళ్లీ వినడానికి అది సరిగ్గా సరిపోతుంది. రాయాల్సినవి నాలుగే: నిమిషం, ప్రశ్న, జవాబు ఎన్ని సెకన్లు, జవాబులో విద్యార్థి వాడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు. 20 నిమిషాల రికార్డింగ్‌కి దాదాపు గంట పడుతుంది.

‘ఉన్నవి ఉన్నట్టు’ అన్నది కచ్చితంగా పాటించండి. మనం వింటూనే తీర్పు రాసేస్తుంటాం. ‘కాన్ఫిడెన్స్ లేదు’ అన్నది తీర్పు. ‘జవాబు మొదలుపెట్టడానికి 6 సెకన్లు పట్టింది, వాక్యం చివర గొంతు తగ్గింది’ అన్నది రికార్డింగ్‌లో ఉన్నది. మొదటిది విన్న విద్యార్థి బాధపడుతుంది లేదా వాదిస్తుంది. రెండోది చూపిస్తే ‘అవును సార్, నిజమే’ అంటుంది. ఏదైనా మాట రాశాక, ఏ నిమిషంలో అని మిమ్మల్ని మీరు అడగండి. నిమిషం చెప్పలేకపోతే ఆ మాట కొట్టేయండి.

ఈ అమ్మాయి లాగ్‌లోంచి ముఖ్యమైన వరుసలు ఇవి.

00:20 – నీ గురించి చెప్పు. 1 నిమిషం 50 సెకన్లు. పేరు, ఊరు, నాన్న వ్యవసాయం, అమ్మ గృహిణి, ఒక తమ్ముడు, హాబీలు, ‘నేను హార్డ్ వర్కర్’. పాలిటెక్నిక్ మాట లేదు, ప్రాజెక్టు మాట లేదు.

03:10 – నీ ప్రాజెక్టు ఏమిటి? 1 నిమిషం 35 సెకన్లు. హాస్టల్ అవుట్‌పాస్ యాప్. ‘మేము చేశాం’, ‘మా టీమ్ వాడింది’ అని 11 సార్లు, ‘నేను’ అని ఒకసారి. వాడిన సాఫ్ట్‌వేర్ల పేర్లు వరుసగా చెప్పింది.

12:05 – DELETE, TRUNCATE తేడా? 40 సెకన్లు. DELETE‌కి WHERE పెట్టొచ్చు, TRUNCATE మొత్తం టేబుల్ ఖాళీ చేస్తుంది, ‘రెండూ రోల్‌బ్యాక్ అవుతాయి’. ప్యానెల్ ‘తప్పు’ అన్నారు. వెంటనే ‘సారీ సార్’.

13:20 – రెండో అత్యధిక జీతం తీసే క్వెరీ? 25 సెకన్లలో బోర్డు మీద రాసింది. వివరణ లేదు.

15:30 – రెండో సంవత్సరంలో బ్యాక్‌లాగ్ ఎందుకు? 6 సెకన్ల మౌనం. ‘పేపర్ వాల్యుయేషన్ స్ట్రిక్ట్‌గా జరిగింది సార్’.

17:40 – పోస్ట్‌గ్రెస్ ఎందుకు వాడారు? 1 నిమిషం 10 సెకన్లు. వార్డెన్, అసిస్టెంట్ వార్డెన్ ఇద్దరూ ఒకేసారి ‘అప్రూవ్’ నొక్కితే ఒకే రోజుకి రెండు పాసులు వచ్చేవని, అది ఎలా ఆపిందో చెప్పింది. చేతులు కదిపింది, గొంతు పెరిగింది.

20:30 – మమ్మల్ని ఏమైనా అడుగుతావా? ‘నో సార్’.

ఇలా కాగితం మీద పెట్టి చూస్తే 03:10కీ 17:40కీ మధ్య ఉన్న తేడా మీ కంటికే కనిపిస్తుంది. అదే మనిషి, అదే ప్రాజెక్టు.

తప్పు అని రాసే ముందు సరిచూసుకోండి

12:05 దగ్గర ప్యానెల్ తప్పన్నారు కాబట్టి నేనూ ‘తప్పు, డీబీఎంఎస్ మళ్లీ చదవాలి’ అని రాసుకున్నాను. ఫీడ్‌బ్యాక్ ఇచ్చే ముందు రోజు, ఎందుకైనా మంచిదని ఆ ప్రాజెక్టు డేటాబేస్ మీదే నడిపి చూశాను.

```
BEGIN;
TRUNCATE outpass;
ROLLBACK;
SELECT count(*) FROM outpass;
```

వరుసలన్నీ తిరిగి వచ్చాయి. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ లోపల TRUNCATE చేస్తే రోల్‌బ్యాక్ అవుతుంది. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో కాదు, అక్కడ TRUNCATE చేయగానే దానంతట అదే కమిట్ అయిపోతుంది. మన గైడ్లలో, నోట్సుల్లో ఉండేది ఈ రెండో సంగతి. అమ్మాయి తను వాడిన డేటాబేస్‌లో చూసింది చెప్పింది. ప్యానెల్ తాము చదివింది చెప్పారు. నేను సరిచూడకుండా ఇచ్చి ఉంటే, సరైన జవాబుని మర్చిపొమ్మని ఒక విద్యార్థికి రాసిచ్చినవాణ్ని అయ్యేవాణ్ని.

అందుకని టెక్నికల్ జవాబుల్లో మీరు ‘తప్పు’ అని గుర్తు పెట్టిన ప్రతిదాన్నీ నడిపి చూడండి, లేదా ఆ సబ్జెక్టు చెప్పేవాళ్లని అడగండి. ప్యానెల్ ప్రశ్నే సరిగ్గా లేకపోతే ఆ మాట కూడా రాయండి. ఒకే వాక్యంలో రెండు ప్రశ్నలు అడిగి, విద్యార్థి ఒకదానికే జవాబు చెబితే ఆ తప్పు విద్యార్థిది కాదు.

జవాబు ఎందుకు తేలిపోయిందో కనిపెట్టడం

బలహీనంగా ఉన్న జవాబులన్నిటికీ ఒకే మందు ఉండదు. విషయం తెలియక ఆగిపోవడం వేరు, తెలిసీ చెప్పలేకపోవడం వేరు, చెప్పడానికి జంకడం వేరు. ప్రశ్న ఇంకోలా అర్థం కావడం కూడా ఉంటుంది. రికార్డింగ్‌లో ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి: మౌనం, తడబాటు, పొట్టి జవాబు.

వీటిని విడదీయడానికి నేను వాడే పరీక్ష చాలా చిన్నది. ఫీడ్‌బ్యాక్ రాసే ముందు విద్యార్థిని ఐదు నిమిషాలు పిలిచి, అదే ప్రశ్నని తెలుగులో అడుగుతాను. ‘అమ్మా, ఆ అవుట్‌పాస్ యాప్‌లో నువ్వు చేసిందేంటి?’ తెలుగులో గడగడా చెబితే విషయం ఉంది, కూర్పు, భాష లేవు. తెలుగులోనూ ఆగిపోతే సబ్జెక్టు చదవాలి, ఇంగ్లీషు గురించి మాట్లాడటం దండగ. తెలుగులో అడిగినా తల దించుకుంటే, అక్కడ ఏదో దాచుకుంటున్నారని అర్థం.

ప్రాజెక్టు గురించి తెలుగులో అడిగితే ఈ అమ్మాయి పది నిమిషాలు ఆపకుండా చెప్పింది. బ్యాక్‌లాగ్ గురించి అడిగితే తల దించుకుంది. కాస్త ఆగి చెప్పింది: ఈసెట్‌లో వచ్చినవాళ్లు మొదటి సంవత్సరం చదవరు కాబట్టి, అక్కడ చెప్పిన గణితం తెలియకుండానే రెండో సంవత్సరం గణితంలో కూర్చున్నానని. సప్లిమెంటరీకి ముందు మొదటి సంవత్సరం పుస్తకం తెచ్చుకుని సొంతంగా చదివి పాసయ్యానని. మరి ఇంటర్వ్యూలో ఎందుకు చెప్పలేదు అంటే, డిప్లొమా అని తెలిస్తే తక్కువగా చూస్తారని సీనియర్ ఎవరో చెప్పారట. పరిచయంలో పాలిటెక్నిక్ మాట ఎందుకు లేదో కూడా అప్పుడే తెలిసింది. రెండు జవాబులు తేలిపోవడానికి కారణం ఒక్కటే. రికార్డింగ్ ఎన్నిసార్లు చూసినా ఇది నాకు దొరికేది కాదు.

బలాలు రాయడం

బలాల జాబితా చాలామంది మొక్కుబడిగా రాస్తారు. ‘చక్కగా డ్రెస్ చేసుకుంది, నవ్వుతూ మాట్లాడింది’ అని. తర్వాత వచ్చే తిట్లకి ముందు పూసే తేనె అది అని విద్యార్థులకి తెలుసు, అందుకే ఆ భాగాన్ని చదవరు. బలం అంటే వచ్చే ఇంటర్వ్యూలో మళ్లీ కావాలని చేయగలిగిన పని. అందుకే ప్రతి బలానికీ మూడు విషయాలు రాస్తాను: ఏ నిమిషంలో, ఏం చేసింది, దాన్ని ఇంకెక్కడ వాడాలి.

మూడో ముక్క రాకపోతే ఆ బలాన్ని రాయను. రెండు మూడు బలాలు దొరికితే చాలు. అసలేమీ దొరకనట్టు అనిపించే రికార్డింగులు కూడా ఉంటాయి. అప్పుడు నేను శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే చూస్తాను. మనిషి ఎక్కడ ముందుకి వంగారో, ఎక్కడ చేతులు కదిలాయో అక్కడ ఆపి, శబ్దం పెట్టి వింటాను. తనకి బాగా తెలిసిన విషయం మాట్లాడేటప్పుడే ఒంట్లో ఆ కదలిక వస్తుంది. 17:40 నాకు దొరికింది అలాగే. మొదటిసారి చూసినప్పుడు, అప్పటికే అలసిపోయి, ఆ జవాబు నేను సరిగ్గా వినలేదు.

మార్చాల్సిన జవాబులు: మూడు చాలు

లాగ్‌లో పది లోపాలు కనిపిస్తాయి. పదీ రాయొద్దు. రెండు వారాల్లో ఒక విద్యార్థి మార్చుకోగలిగింది మూడు జవాబులు. వాటిని ఎంచుకోవడానికి నేను చూసేది రెండు: ఈ ప్రశ్న ప్రతి ఇంటర్వ్యూలోనూ వస్తుందా, మార్చడానికి కావాల్సిన సరుకు విద్యార్థి దగ్గర ఇప్పటికే ఉందా. ఉచ్చారణ, ‘బేసికల్లీ’ అని పదేపదే అనడం లాంటివి చివరికి పెట్టండి. జవాబులో చెప్పాల్సింది తెలిసి ఉన్నప్పుడు అవి చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. యాస జోలికి అసలు వెళ్లొద్దు. మాట అర్థం కానప్పుడు మాత్రం, అర్థం కాని ఆ మాటని నిమిషంతో సహా రాయండి.

ప్రాజెక్టు జవాబుతో మొదలుపెడదాం, ఎందుకంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది అక్కడే. 03:10 దగ్గర ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. కాకపోతే ఆ జవాబు టీమ్‌లో నలుగురిలో ఎవరైనా చెప్పొచ్చు. ఆమె మాత్రమే చెప్పగలిగింది 17:40లో ఉంది. కాబట్టి ఫీడ్‌బ్యాక్‌లో కొత్తగా ఏమీ కనిపెట్టనక్కర్లేదు, ఆ ముక్కని ఇక్కడికి తేవాలి. యాప్ ఎవరి కోసం, ఏ ఇబ్బంది తీరుస్తుంది అన్నది ఒక్క వాక్యం. నలుగురిలో నేను చేసింది డేటాబేస్, అప్రూవల్ భాగం అన్నది రెండో వాక్యం. ఆ తర్వాత నేరుగా కష్టంలోకి: ఇద్దరు వార్డెన్లు ఒకేసారి నొక్కితే ఒకే విద్యార్థికి ఒకే రోజుకి రెండు పాసులు వచ్చాయి. ముందు యాప్ కోడ్‌లో ‘పాస్ ఉందా’ అని చూసి ఆపాలనుకున్నాను, రెండు నొక్కుళ్లూ ఒకే క్షణంలో వచ్చినప్పుడు అది పని చేయలేదు. అప్పుడు టేబుల్ మీదే ఈ నిబంధన పెట్టాను.

```
ALTER TABLE outpass
ADD UNIQUE (student_id, out_date);
```

రెండో పాస్‌ని డేటాబేసే తిప్పి కొడుతుంది, యాప్ ‘ఇప్పటికే పాస్ ఇచ్చారు’ అని చూపిస్తుంది. అంతే జవాబు, నిమిషంన్నర దాటదు. దీని తర్వాత ప్యానెల్ అడిగే ప్రశ్నలన్నీ ఆమెకి తెలిసిన చోటే ఉంటాయి. వాడిన సాఫ్ట్‌వేర్ల పేర్ల జాబితా రెజ్యూమేలో ఎలాగూ ఉంది, నోటితో చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంటుంది: మనమే మంచి ఇంగ్లీషులో జవాబు రాసిచ్చేయడం. నేనలా చేయను. విషయాన్ని తెలుగులో వరుసగా రాసిస్తాను, ఇంగ్లీషు వాక్యాలు తనే కట్టుకోవాలి. మనం రాసిచ్చింది బట్టీ పడతారు. మధ్యలో ప్యానెల్ ఒక్క ప్రశ్న వేస్తే తీగ తెగిపోతుంది. చిన్న వాక్యాలైనా సొంతవైతే తెగినా మళ్లీ అందుకోగలరు.

రెండోది బ్యాక్‌లాగ్. ఇలాంటి ప్రశ్నకి జవాబు నిజమై ఉండాలి, పొట్టిగా ఉండాలి, ఎవరి మీదా నెట్టకూడదు. పైన తను తెలుగులో నాతో చెప్పిందే జవాబు: పాలిటెక్నిక్ నుంచి నేరుగా రెండో సంవత్సరంలో చేరాను, మొదటి సంవత్సరం గణితం నాకు లేదు, ఆ సబ్జెక్టు పోయింది, ఆ పుస్తకం సొంతంగా చదివి సప్లిమెంటరీలో పాసయ్యాను. ఇది పని చేయాలంటే పాలిటెక్నిక్ సంగతి పరిచయంలోనే రావాలి. అందుకని పరిచయాన్ని విడిగా నాలుగో అంశంగా పెట్టకుండా దీనితోనే కలిపి రాశాను. తమ్ముడు, హాబీల స్థానంలో పాలిటెక్నిక్, ఈసెట్, అవుట్‌పాస్ యాప్ వస్తాయి. నిమిషంలో అయిపోతుంది.

మూడోది క్వెరీ. ఆమె రాసింది ఇది.

```
SELECT salary FROM emp
ORDER BY salary DESC
LIMIT 1 OFFSET 1;
```

అందరి జీతాలూ వేరువేరుగా ఉంటే ఇది సరైనదే. కానీ పైన ఇద్దరికి సమానంగా 90,000 ఉంటే, రెండో వరుసలోనూ 90,000 వస్తుంది. `SELECT DISTINCT salary` అని మారిస్తే సరిపోతుంది. ఫీడ్‌బ్యాక్‌లో ‘తప్పు’ అని రాయలేదు, ‘సగం దారి’ అని రాశాను. ఆమెకి చెప్పిన అలవాటు ఒకటే: రాసి ఊరుకోకుండా, ‘ఇద్దరికి ఒకే జీతం ఉంటే ఏమవుతుంది’ అని పైకి అనుకుంటూ ఒకసారి సరిచూడటం. ప్యానెల్‌కి ఆ ఆలోచన వినపడాలి.

విద్యార్థి చేతికి ఇచ్చే పేజీ

ఒక్క పేజీ, మార్కులు లేకుండా. మార్కు ఉంటే కళ్లు దాని మీదే ఆగుతాయి. ఆ అమ్మాయికి ఇచ్చిన పేజీ దాదాపు ఇలా ఉంది.

బలాలు

17:40 – రెండు పాసుల సమస్యని ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎలా ఆపావు అన్న వరుసలో చెప్పావు. ఒక్కసారీ తడబడలేదు. ప్రాజెక్టు ప్రశ్న రాగానే ఇదే చెప్పు.

12:05 – పోస్ట్‌గ్రెస్‌లో నువ్వు చూసింది చెప్పావు, అది సరైనదే. ఈసారి డేటాబేస్ పేరు కలిపి చెప్పు: పోస్ట్‌గ్రెస్‌లో రోల్‌బ్యాక్ అవుతుంది, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్‌లలో కాదు. ఎవరైనా తప్పంటే ‘సారీ’ అనొద్దు. ‘నేను పోస్ట్‌గ్రెస్‌లో చేసి చూశాను సార్’ అని మర్యాదగా చెప్పి ఆగు.

13:20 – క్వెరీ 25 సెకన్లలో రాశావు. బోర్డు దగ్గర నీకు భయం లేదు. ఏదైనా నోటితో చెప్పడం కష్టమైతే ‘రాసి చూపించనా సార్’ అని అడుగు.

మార్చాల్సిన జవాబులు

03:10 – ప్రాజెక్టు. ‘మేము’ 11 సార్లు, ‘నేను’ ఒకసారి. ఎవరి కోసం, నేను చేసిన భాగం, రెండు పాసుల సమస్య. నిమిషంన్నర.

15:30 – బ్యాక్‌లాగ్, దానితో పాటు 00:20 పరిచయం. పాలిటెక్నిక్‌ని దాచొద్దు. మొన్న నాతో తెలుగులో చెప్పిన నాలుగు మాటలే చెప్పు.

13:20 – క్వెరీకి DISTINCT. రాశాక ఒక ఉదాహరణతో పైకి సరిచూడు.

20:30 దగ్గర ‘నో సార్’ అనడం గురించి పేజీలో రాయలేదు. అది తర్వాతి విడతకి.

కూర్చుని మాట్లాడటం, మళ్లీ రికార్డు చేయడం

పేజీ చేతికిచ్చి పంపేస్తే సగమే పని చేస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని పావుగంట, ఇరవై నిమిషాలు కేటాయించండి. మొత్తం రికార్డింగ్ చూపించొద్దు. తమను తాము తెరమీద చూసుకున్న పిల్లలు జుట్టు, గొంతు, చేతులు తప్ప ఇంకేమీ గమనించరు, టెన్షన్ మాత్రం పెరుగుతుంది. ఎంచిన ముక్కలే చూపించండి, బలం ఉన్న ముక్కతో మొదలుపెట్టండి.

నేను ముందు 17:40 చూపించి, ‘ఇక్కడ నువ్వేం చేశావో చెప్పు’ అన్నాను. తర్వాత ఏమీ అనకుండా 03:10 చూపించాను. పది సెకన్లు కూడా కాకముందే ‘సార్, అది ఇక్కడే చెప్పాల్సింది కదా’ అంది. నేను రాసింది తనే చెప్పేసింది. విద్యార్థి నోటి నుంచి వచ్చినదాన్ని మళ్లీ వివరించనక్కర్లేదు.

ఆ కూర్చున్నప్పుడే మూడు ప్రశ్నలూ మళ్లీ అడిగి, ఫోన్‌లో రికార్డు చేయండి. బాగా రాదు, పర్వాలేదు. కొత్త వరుస నోటికి ఒకసారి తగలాలి. తర్వాత వారం, పది రోజులకి ఇంకో ప్యానెల్‌తో పూర్తి మాక్ పెట్టండి. పాత ప్రశ్నలే అడిగితే బట్టీ పట్టారో లేదో తెలియదు కాబట్టి, ప్రతి జవాబు మధ్యలో ఒక అనుకోని ప్రశ్న వేయమని ప్యానెల్‌కి ముందే చెప్పండి. ఈ అమ్మాయిని ‘నిబంధన పెట్టేటప్పటికే టేబుల్‌లో రెండేసి పాసులు ఉంటే ఏం చేశావు?’ అని అడిగారు. అలా ఉంటే ఆ ALTER కమాండే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఆమె ఒక క్షణం ఆగి, ముందు ఆ డూప్లికేట్ వరుసలు వెతికి తీసేశానని చెప్పింది. బట్టీ పట్టిన జవాబులో ఇది ఉండదు.

రెండో రికార్డింగ్‌ని కూడా మొదట ఆపకుండా చూసి, గుర్తున్నది ఒక్క వాక్యం రాసుకోండి. ఈసారి నేను రాసుకున్నది: ‘ఇద్దరు వార్డెన్లు ఒకేసారి నొక్కే సమస్యని పట్టుకున్న అమ్మాయి.’ మొదటి వాక్యంతో పక్కపక్కన పెట్టి ఆమెకి చూపించాను. మార్పు వచ్చిందా లేదా అన్నదానికి నా దగ్గరున్న కొలత ఇదే. రెండో వాక్యం కూడా మొదటిదానిలాగే ఉంటే, మీరు ఎంచుకున్న మూడు జవాబులు సరైనవి కావు. మళ్లీ లాగ్ దగ్గరికి వెళ్లాలి.

అరవై మంది ఉంటే

ఒక్కో విద్యార్థికి చూడటం, రాయడం, కూర్చోవడం కలిపి రెండు గంటలకి పైనే పడుతుంది. సెక్షన్‌కి అరవై మంది ఉన్న చోట ఒక్కరి వల్ల కాదు. అప్పుడు ఇంటర్వ్యూనే తగ్గించండి: పరిచయం, ప్రాజెక్టు, ఒక టెక్నికల్ ప్రశ్న, ఎనిమిది నిమిషాల్లో. లాగ్ రాసే పని విద్యార్థికే ఇవ్వండి, తన రికార్డింగ్‌కి తనే నిమిషాలు, మాటలు రాసుకొస్తే మీకు ఆ సమయం మిగులుతుంది. స్నేహితులతో రాయించాలంటే రికార్డింగ్ ఉన్న విద్యార్థి ముందుగా ఒప్పుకోవాలి. జవాబు ఎందుకు తేలిపోయిందో కనిపెట్టడం, తప్పొప్పులు సరిచూడటం మాత్రం మీరే చేయండి. ఆ ఐదు నిమిషాల తెలుగు మాటల్ని ఎంతమంది ఉన్నా వదలొద్దు.

రెండో ఇంటర్వ్యూ గురించి మాట్లాడటం అయ్యాక, రెండు రికార్డింగులూ విద్యార్థి ముందే తీసేయండి. ఫోన్‌లో గ్యాలరీ నుంచి తీసేసినవి ట్రాష్‌లో కొన్నాళ్లు ఉంటాయి, అక్కడి నుంచి కూడా తీయండి. పేజీ మాత్రం తన దగ్గరే ఉంటుంది.